ఐదు బస్తాల లెక్క

తమ్ముడూ,

నీ కథ మొన్న రాత్రి చదివాను, పొద్దున లేచి మళ్ళీ చదివాను. రెండోసారి కోపం వచ్చింది. సాయంత్రం నాలుగింటికి నీ విలేకరికి ఫోన్ వస్తుంది. "రేషన్ డీలర్ రాత్రి ఆటోలో బియ్యం దాటించాడు" అని. ఆరింటికల్లా వార్త డెస్క్‌కు చేరాలి. అప్పుడు నీ మనిషి ఏం చేశాడు? రావిచెట్టు కింద కూర్చుని రెండు పేజీల పాటు మథనపడ్డాడు. రేషన్ షాపు పక్క వీధిలోనే ఉందని నువ్వే రాశావు. లేచి వెళ్ళి చూడొచ్చు కదా!

విలేకరి మనసులో ఏముందో నాకొద్దు. ఆ రెండు గంటల్లో ఎవరి గడప తొక్కాడో చెప్పు, అతనెలాంటివాడో నాకు తెలిసిపోతుంది.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, 2004లో నేను మండల కంట్రిబ్యూటర్‌ని. జీతం లేదు. అచ్చయిన వార్తను స్కేలుతో కొలిచి, సెంటీమీటర్ల లెక్కన డబ్బులిచ్చేవారు. జూన్‌లో ఒకాయన వచ్చి, మా ఊరి డీలర్ చీకటిపడ్డాక ఐదు బస్తాలు ఆటోలో ఎక్కించి ఒకామె ఇంట్లో దించాడని చెప్పాడు. తన కళ్ళతో చూశానన్నాడు. చూసిన మాట నిజమే. ఆ డీలర్‌షిప్ కోసం తనూ దరఖాస్తు పెట్టి పోగొట్టుకున్నాడని నాకు తెలుసు, అయినా అడగలేదు. ఎస్టీడీ బూత్ నుంచి ఫ్యాక్స్ చేసేశాను.

డీలర్ పేరు రాయలేదు. "ఓ డీలర్" అన్నాను. ఊరికి ఉన్నదే ఒక్క డీలర్! "తరలించినట్లు ఆరోపణలు వినిపిస్తున్నాయి" అని జాగ్రత్తగా ముగించాను. డెస్క్‌లో "ఆరోపణలు" కాస్తా తీసేసి, "పేదల బియ్యం పక్కదారి" అని శీర్షిక పెట్టారు. ఐదు బస్తాలు "బస్తాలకొద్దీ" అయ్యాయి. ఇవాళ్టికీ ఆ సబ్ ఎడిటర్ మీద నాకు కోపం పోలేదు. కానీ ఆ కాగితం పంపింది నేను. "తెలిసింది", "సమాచారం", "ఆరోపణలు" లాంటి మాటలు రాసేవాడికి ఊరట, అంతే. ఊళ్ళో వాటినెవరూ చదవరు. "పేపర్లో పడింది" అంటారు.

అసలు జరిగింది ఇది. అవి బడి బియ్యం. మధ్యాహ్న భోజనం బియ్యం డీలర్ దగ్గర్నుంచే బడికి వెళ్ళేది. ఆటో వాడు ఖాళీ అయ్యేసరికి రాత్రయింది, బడికి తాళం వేసి ఉంది, వంట ఏజెన్సీ ఆమె ఇంట్లో దించారు. నేను ఆ ఇంటి తలుపు తట్టినా చాలు. పోనీ వేళ్ళ మీద లెక్క కట్టినా తెలిసేది: వంద మంది పిల్లలు, ఒక్కొక్కరికి రోజుకు 100 గ్రాములు, నెలకు పాతిక రోజులు. రెండున్నర క్వింటాళ్ళు. యాభై కిలోల బస్తాలు సరిగ్గా ఐదు.

నీ విలేకరి చేత కూడా ఇలాంటి పనే చేయించు. షాపు బయట స్టాక్ బోర్డు ఉంటుంది, ముందు అది చదవమను. పాత నిల్వ, ఈ నెల వచ్చింది, ఇచ్చింది చూసి, మిగలాల్సిందెంతో తీసి, లోపల బస్తాలు లెక్కపెట్టమను. లెక్క సరిపోతే ఫోన్ చేసినవాడి దగ్గరికి మళ్ళీ వెళ్ళాలి. తక్కువొచ్చినా దొంగతనమని తేలినట్టు కాదు. గోదాము నుంచి రెండో లోడు రాకపోయి ఉండొచ్చు, బస్తాలే తరుగుతో వచ్చి ఉండొచ్చు. అందుకే డీలర్‌ని అడగాలి, పౌరసరఫరాల డిప్యూటీ తహసీల్దార్‌ని అడగాలి. ఇంతలో ఆరవుతుంది, డెస్క్ నుంచి ఫోన్ మోగుతుంది. నీ కథకు కావలసిన టెన్షన్ అక్కడుంది. రావిచెట్టు కింద లేదు.

చివరి వాక్యంలో ఫోన్ చేసింది డీలర్ తమ్ముడేనని తేల్చావు. కొసమెరుపు! అది లేదని నా మూడు కథలు తిప్పి పంపారు వారపత్రికల వాళ్ళు. ఒకాయనైతే "ముగింపులో పేలలేదు" అని కార్డు రాశాడు. వాళ్ళ వల్ల ఒక తరం రచయితలు చివరి వాక్యం కోసమే కథ రాయడం నేర్చుకున్నారు. నువ్వు దాన్ని కొట్టెయ్.

నా వార్త పద్దెనిమిది సెంటీమీటర్లు వచ్చింది. నాలుగు రోజుల తర్వాత వేసిన వివరణ మూడు. విచారణలో డీలర్ తప్పేమీ లేదని తేలింది. అయినా ఆడవాళ్ళు అతని దగ్గర తీసుకున్న బియ్యాన్ని ఎదురుగా ఉన్న కిరాణా కొట్లో మళ్ళీ తూకం వేయించుకునేవారు, అతను చూస్తుండగానే. ఆ ఏడాదంతా అలాగే జరిగింది. నేనూ ఆ వరసలో నిలబడి బియ్యం తెచ్చుకున్నాను. ఆయన నాతో ఒక్క మాటా అనలేదు.

నీ కథలో డీలర్ భార్య తూకమయ్యాక పళ్ళెంలో అంటుకున్న గింజలను గుప్పిట్లోకి ఊడ్చి, ముసలమ్మ సంచిలో వేస్తుంది చూడు, అక్కడ చాలాసేపు ఆగిపోయాను. ఆరో పేజీలో ఎవరూ చూడకుండా పడి ఉంది ఆ దృశ్యం. దాన్ని నాలుగున్నరకు జరిపించు. నీ విలేకరి ఆ ముసలమ్మ వెనకాల నిలబడి ఉండాలి. తిరగరాసి పంపు.

మీ అన్నయ్య