గది ఖాళీ చేశారు, హోల్డ్ ఖాళీ కాలేదు

ప్రశ్న: జూలై 9న విశాఖపట్నంలో ఒక హోటల్లో దిగాం. చెక్‌ఇన్ అప్పుడు డిపాజిట్ అని నా డెబిట్ కార్డు మీద 18,000 రూపాయలు గీకారు. 11న ఖాళీ చేసేటప్పుడు బిల్లు 11,640 అయితే అదే కార్డు మళ్లీ గీకారు, డిపాజిట్ దానంతట అదే వచ్చేస్తుందన్నారు. ఈ రోజు 27వ తేదీ. యాప్‌లో బ్యాలెన్స్ 46,300 ఉంది, వాడుకోవడానికి మాత్రం 28,300 అనే చూపిస్తోంది. సుబేదారిలో మా బ్రాంచికి వెళ్తే పాస్‌బుక్ ప్రింట్ తీసి, 18 వేలు అసలు డెబిట్టే కాలేదన్నారు. హోటల్‌కు ఫోన్ చేస్తే మేం ఎప్పుడో వదిలేశాం అంటున్నారు. ఆగస్టు 5న హోమ్ లోన్ ఈఎంఐ 31,200 కట్ అవ్వాలి. ఒకటే టెన్షన్. ఎవరిని పట్టుకోవాలి?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ముందు హోటల్‌నే పట్టుకోండి. బ్రాంచి మేనేజరు అబద్ధం చెప్పలేదు. హోటలాయన కూడా తనకు అర్థమైన మేరకు నిజమే చెబుతున్నాడు. ఇద్దరికీ మధ్యలో మీ 18 వేలు ఇరుక్కున్నాయి.

9వ తేదీన మీ కార్డు మీద జరిగింది చెల్లింపు కాదు. దాన్ని ప్రీ-ఆథరైజేషన్ అంటారు, హోటల్ కౌంటర్లో అయితే ప్రీ-ఆథ్ అని పొట్టిగా పిలుస్తారు. హనుమకొండ బస్టాండులో కిక్కిరిసిన బస్సులోకి కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుకుంటాం కదా, అచ్చంగా అదే. సీటు ఇంకా ఎవరిదీ కాదు, కానీ వేరేవాళ్లు కూర్చోలేరు. అలాగే 18 వేలూ మీ ఖాతాలోనే ఉన్నాయి. సేవింగ్స్ ఖాతా అయితే వాటి మీద వడ్డీ కూడా మీకే వస్తుంది. మీరు మాత్రం వాడుకోలేరు. పాస్‌బుక్‌లో ఎక్కేది ఖాతాలోంచి నిజంగా వెళ్లిన డబ్బే కాబట్టి అందులో ఇది కనిపించదు. బ్రాంచిలో పాస్‌బుక్ తీసి చూడటం కాదు, ఖాతా మీద హోల్డ్ లేదా లీన్ ఏమైనా ఉందా అని సిస్టంలో చూడమనాలి. అక్కడ మొత్తం, తేదీ రెండూ దొరుకుతాయి.

లీన్ అనే మాట కనిపించగానే కంగారు పడకండి. ఐపీఓకు దరఖాస్తు పెట్టినా డబ్బు ఇలాగే ఆగుతుంది. సైబర్ క్రైం ఫిర్యాదులో మీ ఖాతా పేరు వచ్చినా ఆగుతుంది. 18,000 రూపాయి తేడా లేకుండా ఉండి, తేదీ జూలై 9 అయితే అది హోటల్ కర్చీఫే.

అసలు పొరపాటు జూలై 11న ఉదయం కౌంటర్లో జరిగింది. ప్రీ-ఆథ్ పెట్టిన హోటల్ బిల్లు తీసుకోవడానికి మెషీన్లో కంప్లీషన్ అనే ఆప్షన్ ఉంటుంది. పాత అప్రూవల్ కోడ్ కొట్టి, 18,000కు బదులు 11,640 అని వేస్తే, ఆపిన డబ్బులోంచే బిల్లు తీసుకున్నట్టవుతుంది. ఆ లెక్క మీ బ్యాంకుకు చేరి పాత హోల్డ్‌తో జత కుదిరాక మిగిలిన 6,360 మీద ఉన్న పట్టు కూడా వదులుతుంది. మీ విషయంలో అలా చేయలేదు. కార్డు తీసుకుని మామూలు కొనుగోలులాగా కొత్తగా గీకారు. అంటే ఒక సీట్లో కర్చీఫ్ వేసి, పోయి ఇంకో సీట్లో కూర్చున్నారు. కండక్టరుకేం తెలుస్తుంది? కర్చీఫ్ తాలూకు మనిషి ఇంకా వస్తాడనే అనుకుంటాడు. మీ బ్యాంకుకూ అంతే. 18,000 హోల్డ్, 11,640 చెల్లింపు ఒకే గదివని దానికి తెలిసే దారి లేదు.

మీ దగ్గర రెండు స్లిప్పులు ఉంటే చూడండి. 9వ తేదీ దాని మీద PRE AUTH అనీ, 11వ తేదీ దాని మీద SALE అనీ ఉంటే నేను చెప్పిందే జరిగింది. రెండు APPR CODE నంబర్లు వేరుగా ఉన్నా సంగతి అదే. బిల్లు యూపీఐలోనో నగదుగానో కట్టినవాళ్లకు కూడా ఇదే గతి, ఎందుకంటే అక్కడ కార్డుతో అసలు పనే పడలేదు.

నాకూ ఒకసారి ఇలాగే అయింది. వేరే ఊర్లో ఒక హోటల్లో క్రెడిట్ కార్డు ఇచ్చి, వచ్చేటప్పుడు ఫోన్లో కట్టేశాను. పది రోజుల తర్వాత కాజీపేట దగ్గర పెట్రోల్ బంకులో, వెనక నాలుగు బండ్లు హారన్ కొడుతుండగా కార్డు డిక్లైన్ అయింది. ఖర్చు పెట్టింది లేదు, లిమిట్ లేదు. కర్చీఫ్ ఎక్కడ వేశారో గుర్తుకొచ్చేసరికి సాయంత్రమైంది.

ఇక అది ఎప్పుడు తొలగుతుందన్నది. రెండు దారులున్నాయి. ఒకటి, హోటల్ తనంతట తాను రద్దు సందేశం పంపడం, మెషీన్లో దాన్నే వాయిడ్ అంటారు. రెండోది, గడువు తీరడం. వీసా, మాస్టర్‌కార్డ్ నియమాల్లో హోటళ్లు, అద్దె కార్ల ప్రీ-ఆథ్‌కు గడువు దాదాపు 30 రోజులు. అయితే ఆ లెక్క మొదలయ్యేది మీరు గది ఖాళీ చేసిన రోజు నుంచి కాదు, కార్డు గీకిన రోజు నుంచి. మధ్యలో ఉండే రోజులు పెంచి మళ్లీ గీకి ఉంటే ఆ హోల్డ్‌కు దాని లెక్క దానిదే. కొన్ని బ్యాంకులు అంతకంటే ముందే వదిలేస్తాయి. కొన్ని ఆఖరి రోజు దాకా ఆగుతాయి. మీది 18 రోజులైనా కదల్లేదంటే రెండో రకమే అనుకోవడం మంచిది. జూలై 9కి 30 రోజులు కలిపితే ఆగస్టు 8. మీ ఈఎంఐ ఆగస్టు 5. మూడు రోజుల తేడాతో మునుగుతారు కాబట్టి, దానంతట అదే పోతుందిలే అని కూర్చోవడానికి మీకు వీల్లేదు.

హోటల్‌కు మళ్లీ ఫోన్ చేసి డిపాజిట్ ఎప్పుడు వస్తుంది అని అడగొద్దు. అలా అడిగితే వదిలేశాం అనే మాటే మళ్లీ వినిపిస్తుంది. వాళ్ల దృష్టిలో ఆ డబ్బు క్లెయిమ్ చేయకపోవడమే వదిలేయడం. ఫ్రంట్ డెస్క్ కుర్రాడిని కాకుండా అకౌంట్స్ వాళ్లను లైన్లోకి తెమ్మని, సూటిగా ఒక్కటే అడగండి: ఈ అప్రూవల్ కోడ్ మీద ప్రీ-ఆథ్ వాయిడ్ కొట్టారా, కొడితే స్లిప్ ఏది? కొట్టి ఉండరు. మెషీన్లో ఇప్పటికీ వాయిడ్ తీసుకుంటే పని అక్కడితో అయిపోతుంది, ఆ స్లిప్ ఫొటో వాట్సాప్‌లో తెప్పించుకోండి.

మెషీన్ తీసుకోకపోతే హోటల్ లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం కావాలి. కార్డు చివరి నాలుగు అంకెలు, ప్రీ-ఆథ్ తేదీ, మొత్తం, అప్రూవల్ కోడ్, స్లిప్ మీద ఉంటే RRN నంబరు రాసి, ఈ సొమ్ము మేం క్లెయిమ్ చేయం, హోల్డ్ తీసేయండి అని ఒక్క వాక్యం ఉంటే చాలు. దాన్ని హోటల్ తన మెషీన్ ఇచ్చిన బ్యాంకుకు పంపాలి, కాపీ మీకూ ఇవ్వాలి. మీరు ఆ కాపీకి రెండు స్లిప్పులూ, ఫైనల్ బిల్లూ జత చేసి మీ బ్యాంకు కార్డుల విభాగానికి ఈమెయిల్ పెట్టండి, ఫిర్యాదు నంబరు తీసుకోండి. బ్రాంచిలో ఇస్తే వాళ్లూ అక్కడికే పంపుతారు, మధ్యలో రెండు రోజులు పోతాయి. వ్యాపారి రాతపూర్వకంగా వదులుకున్నాడంటే బ్యాంకుకు హోల్డ్ తీయడానికి ఆధారం దొరికినట్టు. అది లేకుండా అడిగితే, రేపు హోటల్ వచ్చి క్లెయిమ్ చేస్తే ఎట్లా అని వాళ్లు వెనకాడతారు. ఆ అనుమానం తప్పేమీ కాదు.

యాప్‌లో డిస్ప్యూట్ బటన్ నొక్కి చూసే ఉంటారు. పూర్తయిన లావాదేవీలకే అది పని చేస్తుంది. కర్చీఫ్ మీద తగాదా పెట్టే చోటు అక్కడ ఉండదు. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయలు ఇవ్వాలన్న 2019 నాటి ఆర్‌బీఐ ఆదేశం కూడా మీకు వర్తించదు. అది ఫెయిలైన లావాదేవీలకు సంబంధించింది, మీ ప్రీ-ఆథ్ ఫెయిల్ కాలేదు. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోతే cms.rbi.org.in లో అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు గానీ, ఈలోగా హోల్డే గడువు తీరి పోతుంది. ఆగస్టు రెండో వారం దాటినా ఆ 18 వేలు అలాగే ఉంటే అప్పుడు ఆ దారి పనికొస్తుంది.

హోల్డ్ రిలీజ్ చేస్తాం, ఓటీపీ చెప్పండి అని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి. హోల్డ్ తీయడానికి మీ ఓటీపీతో ఎవరికీ పని లేదు. హోటల్ నంబరును గూగుల్లో వెతక్కుండా, బిల్లు మీద ఉన్నదే వాడండి.

సెల్ఫ్ డ్రైవ్ కారు తీసుకునేవాళ్లకు ఒక మాట. కారు తిరిగి ఇచ్చాక కూడా టోల్, ఈ-చలాన్ తేలేదాకా కంపెనీలు హోల్డ్‌ను కావాలనే ఉంచుతాయి. అక్కడ పొరపాటు అనడానికి లేదు, అగ్రిమెంట్‌లో ఎన్ని రోజులని రాశారో చూడాలి. డిపాజిట్ యూపీఐలో కట్టి ఉంటే అది హోల్డే కాదు, నిజంగా వెళ్లిపోయిన డబ్బు. దానికి రిఫండే రావాలి, ఏ గడువూ దాన్ని వెనక్కి తేదు.

మళ్లీ ఎప్పుడైనా హోటల్లో దిగితే డిపాజిట్‌కు డెబిట్ కార్డు ఇవ్వకండి. క్రెడిట్ కార్డు ఇస్తే ఆగేది లిమిట్ మాత్రమే, ఈఎంఐ డబ్బు కాదు. ఖాళీ చేసేటప్పుడు, ఆ ప్రీ-ఆథ్ మీదే కంప్లీషన్ కొట్టండి అని చెప్పండి. వేరే విధంగా కట్టాల్సి వస్తే, వాయిడ్ స్లిప్ చేతికి వచ్చాకే తాళంచెవి ఇవ్వండి.

ఇప్పటికి మీ ఈఎంఐ సంగతి. ఆటో డెబిట్ చూసేది వాడుకోదగ్గ బ్యాలెన్స్‌నే, పాస్‌బుక్‌లోని 46,300ను కాదు. 31,200లోంచి 28,300 తీస్తే మీకు తగ్గేది 2,900. బౌన్స్ అయితే మీ బ్యాంకు ఒక ఛార్జీ, లోన్ ఇచ్చినవాళ్లు ఇంకొకటి వేస్తారు. హోటల్ ఉత్తరం వస్తుందో రాదో చూడకుండా, ఖాతాకు మినిమమ్ బ్యాలెన్స్ ఎంతో చూసుకుని, అంత కలిపి ఆగస్టు 4 సాయంత్రానికల్లా వేసేయండి. ఈలోపు కరెంటు బిల్లు, ఫోన్ రీచార్జి ఇంకో ఖాతా నుంచి కట్టుకోండి.