కాకర రసం కండరంలోకి చక్కెరను పంపుతుందా?

ప్రశ్న: నా వయసు 52. ఆరేళ్లుగా షుగర్ ఉంది. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ కలిసిన మాత్ర పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకుంటాను. కాకర రసం ఇన్సులిన్‌లాగే చక్కెరను కండరాల్లోకి పంపుతుందని వీడియోలో చూసి, నెలన్నరగా పరగడుపున గ్లాసు రసం తాగుతున్నాను. తాగాక గంటన్నర ఏమీ తినకూడదన్నారు. మాత్ర మాత్రం ఎప్పటిలా ఏడింటికే వేసుకుంటున్నా. రాత్రి అన్నం మానేసి రెండు పుల్కాలు తింటున్నా. ఫాస్టింగ్ 156 నుంచి 131కి వచ్చింది. కాకపోతే ఎనిమిదిన్నర ప్రాంతంలో చెమటలు పట్టి చేతులు వణుకుతున్నాయి. మాత్ర తగ్గించుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ముందు ఆ వణుకు సంగతి చూద్దాం. అది షుగర్ పడిపోవడం వల్ల కావచ్చు. గ్లిమిపిరైడ్ క్లోమ గ్రంథి చేత ఇన్సులిన్‌ను విడుదల చేయించే మందు. మీరు తిన్నారా లేదా అని అది చూడదు. అందుకే టిఫిన్‌కు కాస్త ముందు గానీ, టిఫిన్‌తో పాటు గానీ వేసుకోమంటాం. మీరు మాత్ర వేసుకుని గంటన్నర ఖాళీ కడుపుతో ఉంటున్నారు. రసం సంగతి పక్కన పెట్టినా, ఈ ఆలస్యం ఒక్కటే వణుకు తెప్పించగలదు. ఈసారి వణుకు రాగానే గ్లూకోమీటర్‌తో చూసుకోండి. 70 కంటే తక్కువ ఉంటే 15 గ్రాముల గ్లూకోజ్ పొడిని, అంటే సుమారు మూడు చెంచాలను, నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి. మీటర్ దగ్గర లేకపోతే ముందు తాగేయండి, తర్వాత చూసుకోవచ్చు. మీ డాక్టర్‌ను కలిసే దాకా రసం ఆపండి, టిఫిన్ వేళకు చేయండి. మాత్రను మీ అంతట మీరు తగ్గించవద్దు. వణుకు వస్తోందన్న మాట మాత్రం రేపే ఆయనకు చెప్పండి. గ్లిమిపిరైడ్ మోతాదు మార్చాలో లేదో ఆయన చూస్తారు.

ఇక ఆ వీడియో విషయం. అందులో చెప్పింది పూర్తిగా కల్పన కాదు. సగం నిజం కాబట్టే దాని గురించి వివరంగా చెప్పాలి.

భోజనం తర్వాత రక్తంలోకి వచ్చే చక్కెరలో పెద్ద వాటా కండరాలకు వెళ్తుంది. కానీ చక్కెర తనంతట తాను కండర కణంలోకి దూరలేదు. దాన్ని లోపలికి తీసుకెళ్లడానికి గ్లూట్-4 అనే ప్రోటీన్ కావాలి. మామూలు వేళల్లో ఈ ప్రోటీన్ కణం లోపలే చిన్న చిన్న సంచుల్లో దాగి ఉంటుంది. ఇన్సులిన్ వచ్చి కణం పైపొరను తాకినప్పుడు ఆ సంచులు పైకి కదిలి పొరలో కలుస్తాయి. అప్పుడే చక్కెర లోపలికి వెళ్తుంది. టైప్-2 షుగర్‌లో ఈ కబురు సరిగ్గా అందదు. ఇన్సులిన్ ఉన్నా సంచులు బద్ధకంగా కదులుతాయి.

ఆ సంచులను కదిలించడానికి ఇంకో దారి కూడా ఉంది. కణంలో శక్తి తగ్గినప్పుడు ఎ.ఎం.పి.కె. అనే ఎంజైమ్ మేల్కొంటుంది. అది ఇన్సులిన్‌తో పని లేకుండానే గ్లూట్-4ను పైకి పంపగలదు. మీరు అరగంట వేగంగా నడిస్తే షుగర్ తగ్గడానికి ఒక కారణం ఇదే. ఇన్సులిన్ దారి మొండికేసిన వాళ్లలో కూడా ఈ రెండో దారి చాలా వరకు పనిచేస్తుంది.

కాకరలోని చేదు పదార్థాల్లో చాలా వాటిని ట్రైటర్పినాయిడ్లు అంటారు. 2008లో చైనా, ఆస్ట్రేలియా పరిశోధకులు వీటిలో కొన్నింటిని కాకరకాయ నుంచి విడదీసి, ల్యాబ్‌లో పెంచిన ఎలుక కండర కణాలపై వేశారు. గ్లూట్-4 పైపొరకు చేరింది, ఎ.ఎం.పి.కె. కూడా చురుకైంది. ఎలుకలకు ఇచ్చి చూసినప్పుడూ చక్కెరను తట్టుకునే శక్తి పెరిగింది. మీరు విన్న వాదనకు మూలం ఇలాంటి పరిశోధనలే. అంటే కాకర ఇన్సులిన్‌లా కాకుండా, నడకలా పనిచేస్తుందేమో అన్నది అసలు ఊహ.

‘కాకరలో మొక్క ఇన్సులిన్ ఉంది’ అని కూడా చెబుతుంటారు. అది పాలీపెప్టైడ్-పి అనే ప్రోటీన్. 1981లో వచ్చిన అధ్యయనంలో దాన్ని చర్మం కింద ఇంజెక్షన్‌గా ఇచ్చారు. గ్లాసులో పోసుకుని తాగితే మన కడుపు దాన్ని కూడా పప్పులోని ప్రోటీన్‌లాగే అరిగించేస్తుంది.

మరి ల్యాబ్‌లో కనిపించింది మనిషిలో ఎందుకు తేలలేదు? కణాలపై వేసేటప్పుడు శుద్ధి చేసిన పదార్థాన్ని నేరుగా, తెలిసిన మోతాదులో వేస్తారు. మీరు తాగినప్పుడు అది పేగు దాటాలి, కాలేయం దాటాలి, ఆ తర్వాత మిగిలింది కండరానికి చేరాలి. అలా చేరేది కణాలపై వేసినంత ఉంటుందని ఎవరూ గట్టిగా చూపించలేదు. పైగా పొట్టి కాకర, పొడుగు కాకర, లేత కాయ, ముదురు కాయ వేటికవే వేరు. మీ ఈరోజు గ్లాసులో ఉన్నంత మందు రేపటి గ్లాసులో ఉండదు.

మనుషుల మీద జరిగిన పరీక్షలు చిన్నవి, కొద్ది కాలానివి. థాయ్‌లాండ్‌లో 4 వారాల పరీక్ష ఒకటి జరిగింది. రోజుకు 2 గ్రాముల ఎండు కాకర పొడి తీసుకున్న వాళ్లలో షుగర్ కొంత తగ్గింది. అయితే రోజుకు 1 గ్రాము మెట్‌ఫార్మిన్ వేసుకున్న వాళ్లలో అంతకంటే ఎక్కువ తగ్గింది. ఎర్ర రక్తకణాలకు అంటుకున్న చక్కెరను కొలిచి సుమారు మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీలో 4 వారాల మార్పు సరిగ్గా తెలియదు, ఎందుకంటే ఎర్ర రక్తకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది. అందుకే అక్కడ ఫ్రక్టోజమైన్ అనే వేరే పరీక్షను కొలమానంగా తీసుకున్నారు. ఫిలిప్పీన్స్‌లో 40 మందితో 3 నెలలు కాకర గుళికలు వాడి చూస్తే, హెచ్‌బీఏ1సీలో ఉత్తుత్తి గుళికలకూ వీటికీ తేడా సుమారు 0.2 శాతం మాత్రమే. అంత తేడా యాదృచ్ఛికంగానూ రావచ్చు. 2012లో, వైద్య పరీక్షల ఫలితాలను కలిపి తూచే కోక్రేన్ సంస్థ సమీక్ష ఇలాంటి 4 పరీక్షలను, మొత్తం 479 మందిని పరిశీలించి, కాకర పనిచేస్తుందని చెప్పడానికి తగిన ఆధారం లేదని తేల్చింది. ఇంకో చిక్కు ఏమిటంటే, రసంతో గుట్టుగా పరీక్ష చేయడం కష్టం. ఆ చేదు నాలుక మీద పడగానే ఏది అసలు రసమో తెలిసిపోతుంది. తెలిసిన మనిషి తిండిలో కూడా జాగ్రత్త పడతాడు.

మీ విషయంలో జరిగిందీ అదే కావచ్చు. రాత్రి అన్నం తీసేసి పుల్కాలకు వచ్చారు. ఫాస్టింగ్ తగ్గడంలో దాని పాత్ర ఎంతో, రసం పాత్ర ఎంతో విడదీయలేం. పైగా ఇంట్లో వాడే మీటరుకు 15 శాతం అటూ ఇటూ తేడా ఉండొచ్చు. అసలు షుగర్ 145 ఉంటే మీటర్ 123 నుంచి 167 దాకా ఏదైనా చూపించగలదు. మీ 156, 131 రెండూ ఆ పరిధిలోనే ఉన్నాయి. నెలన్నర కిందటి హెచ్‌బీఏ1సీ రిపోర్టు ఉంటే, మొత్తం మూడు నెలలు నిండాక అదే ల్యాబ్‌లో మళ్లీ చేయించండి. తిండిలో ఇంకే మార్పూ చేయకండి. మధ్యలో రసం ఆగుతుంది కాబట్టి, అప్పటికీ సంఖ్య తగ్గి ఉంటే ఆ ఘనత పుల్కాలకు ఇవ్వడమే న్యాయం.

కాకరను కూరగా తినడం మానక్కర్లేదు. వేపుడైనా, ఉల్లికారమైనా తినండి. పులుసులో వేసే బెల్లం ముక్క మీద మాత్రం కన్నేసి ఉంచండి. గింజల్లో వైసీన్ అనే పదార్థం ఉంటుంది, ఎర్ర రక్తకణాలు తేలిగ్గా చిట్లిపోయే జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్నవాళ్లకు అది పడకపోవచ్చు. గర్భిణులు గాఢమైన రసం జోలికి వెళ్లవద్దు. మీ ఇంట్లో చిన్నపిల్లలుంటే, ‘మంచిదే కదా’ అని వాళ్లకు పట్టించకండి. కాకర కషాయం తాగిన పిల్లల్లో షుగర్ ప్రమాదకరంగా పడిపోయిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి.

డాక్టర్ దగ్గరకు వెళ్లేటప్పుడు నాలుగు రోజుల రీడింగులు రాసుకెళ్లండి: నిద్ర లేవగానే ఒకటి, ఎనిమిదిన్నరకు ఒకటి, టిఫిన్ తిన్న రెండు గంటలకు ఒకటి. పక్కనే ఏ టైముకు మాత్ర వేసుకున్నారో, ఏ టైముకు తిన్నారో కూడా రాయండి. మీ మాత్ర విషయంలో ఆయనకు ఎక్కువగా పనికొచ్చేది ఆ ఎనిమిదిన్నర రీడింగే.