స్టిక్కర్ పంపే ముందు అవతలివాళ్లకి ఏం కనిపిస్తుందో చూసుకో

స్వాతీ,

ఫైనల్ రౌండులో పోయిందని వంశీ కజిన్స్ గ్రూపులో పెడితే నువ్వు బ్రహ్మానందం ఏడుపు స్టిక్కర్ పంపావు, వాడు ముభావంగా అయిపోయాడు, "నేనేం తప్పు చేశానత్తా?" అని నన్నడుగుతున్నావు. ఫోన్లో చెబితే సగమే వింటావు కాబట్టి రాస్తున్నా.

నీ మనసులో ఉన్నది జాలే, కాదనను. కానీ వాడి ఫోన్లో ఏం కనిపించి ఉంటుందో ఆలోచించు. ముందు లాక్ స్క్రీన్ మీద నీ పేరు, పక్కన Sticker అన్న మాట, అంతే. తెరిస్తే ఆ ముఖం. మన తెలుగువాళ్లకి ఆయన ఏడుస్తున్న ముఖం చూస్తే ఏడుపెక్కడ వస్తుందే, నవ్వొస్తుంది, ఆ సీను అంతా గుర్తొస్తుంది. అంటే వాడు బాధగా చెప్పుకున్న మాటని నువ్వు కామెడీ చేసినట్టయింది. పోనీ పక్కన రెండు ముక్కలు రాద్దామన్నా వాట్సాప్‌లో స్టిక్కర్ కింద రాసే చోటుండదు, అది ఒక్కటే పోతుంది. అదే "అయ్యో, ఫైనల్ దాకా వెళ్లావు కదరా, ఖాళీ అయ్యాక ఫోన్ చెయ్యనా 😔" అని పెట్టుంటే చెప్పాల్సింది మాటలు చెప్పేవి, అది ఏ గొంతుతో అన్నావో చివరి బొమ్మ చెప్పేది. ఇప్పుడైనా స్టిక్కర్ గురించి సంజాయిషీ ఏమీ వద్దు, మామూలుగా ఫోన్ చేసి మాట్లాడు.

నేను చూసేది ఇదే. చెప్పడానికి మాట ఉంటే, దాని గొంతు సరిచేయడానికి ఎమోజీ. మాట అక్కర్లేని చోట, ఊరికే ఆట పట్టించుకునే చోట, లేదా "సరే ఇక పడుకుందాం" అని ముగించే చోట స్టిక్కర్. ఎమోజీతో ఇంకో సుఖం, అది అక్షరంలాంటిదే కాబట్టి మెసేజ్ తేడాగా పోతే 15 నిమిషాల్లోపు ఎడిట్ చేసుకోవచ్చు. స్టిక్కర్‌కి ఆ వీలు లేదు, డిలీట్ చేస్తే డిలీట్ చేశావన్న గుర్తు అక్కడే కూర్చుంటుంది, అది ఇంకా అనుమానం.

అలాగని ఎమోజీ అందరికీ ఒకేలా అర్థమవుతుందనుకోకు. అది అక్షరంలాంటిదే అన్నాను కదా, నీ ఫోన్ పంపేది దాని కోడ్ మాత్రమే, బొమ్మ అవతలి ఫోన్ తన పద్ధతిలో గీసుకుంటుంది. ఒకప్పుడు 😁 ఐఫోన్‌లో పళ్లు కొరుకుతున్నట్టుండేది, వేరే ఫోన్లలో హాయిగా నవ్వుతున్నట్టుండేది! ఇప్పుడు బొమ్మలు చాలావరకు దగ్గరకొచ్చాయి కానీ వయసుల తేడా అలాగే ఉంది. మీ మామయ్య 🙂 పెడితే నిజంగా నవ్వుతున్నట్టే, మీ ఆఫీసు పిల్లలు పెడితే ఒళ్లు మండుతోందని. మీరు 😭 పెట్టి పడీపడీ నవ్వుతారు, అమ్మమ్మ అది చూసి కంగారుపడి ఫోన్ చేస్తుంది. పెద్దవాళ్లకి 🙏 ఎప్పుడూ చెడదు, నమస్కారమైనా థాంక్సైనా క్షమించమనడమైనా సరిపోతుంది.

ఇంకోటి, నువ్విప్పుడు బెంగళూరులో ఉన్నావు. నీ టీమ్‌లో కన్నడ వాళ్లు, మలయాళీలు, ఢిల్లీ వాళ్లు. మన సినిమా స్టిక్కర్‌కి అర్థం ఆ ముఖంలో లేదు, ఆ డైలాగు తెలిసిన మన బుర్రల్లో ఉంది. తెలియనివాళ్లకి ఎవరో పెద్దమనిషి కళ్లెర్రజేసి చూస్తున్నట్టుంటుంది, పైగా నువ్వు వాళ్లనే అలా చూస్తున్నావనుకుంటారు. తెలుగువాళ్లిద్దరు ఒకరికొకరు పంపుకుని నవ్వుకుంటుంటే మిగతావాళ్లకి మరీ చిరాకు. అలాంటి గ్రూపులో నవ్వించాలనుంటే జిఫ్ కొంచెం నయం, కదులుతుంది కాబట్టి చప్పట్లు కొడుతున్నారో గంతులేస్తున్నారో భాష రాకపోయినా తెలుస్తుంది, కింద ఒక మాట కూడా రాసుకోవచ్చు. మీ టీమ్ పని రిలీజ్ అయిపోయిన రోజు, ఎవరిదైనా పుట్టినరోజు, అలాంటప్పుడు బాగుంటుంది. కష్టం చెప్పుకున్నవాళ్లకి మాత్రం వద్దు, ఒకే ఏడుపు మళ్లీ మళ్లీ తిరుగుతుంటే నాటకంలా ఉంటుంది.

మీ అపార్ట్‌మెంట్ గ్రూపులో అసలు స్టిక్కర్, జిఫ్ రెండూ ముట్టుకోకు. ట్యాంకర్ పదకొండింటికి వస్తుందని సెక్రటరీ పెట్టగానే నలుగురు చప్పట్ల జిఫ్‌లు పెడితే ఆ టైము కాస్తా పైకి పోతుంది, పావుగంటకోసారి ఎవరో ఒకరు "ట్యాంకర్ ఎన్నింటికి?" అని అడుగుతూనే ఉంటారు. అక్కడ ఆయన మెసేజ్‌ని నొక్కిపట్టుకుని 👍 రియాక్షన్ ఇచ్చి ఊరుకో. దాని నోటిఫికేషన్ ఆయనకొక్కడికే పోతుంది, మిగతావాళ్ల ఫోన్లు మోగవు.

మీ అత్త