గిఫ్ట్ బాక్స్ టైటిల్‌లో ఏం ఉంచాలి, ఏం తీసేయాలి?

ప్రశ్న: ఆన్‌లైన్‌లో అమ్మే మా పచ్చళ్ల గిఫ్ట్ బాక్స్‌లో ఐదు రకాలు, చెక్క స్పూను, గ్రీటింగ్ కార్డు ఉన్నాయి, అన్నీ రాస్తే టైటిల్ చాంతాడంత అవుతోంది. ఏం చేయాలి?

ఐదు పేర్లూ అక్కర్లేదండి. ఫోన్‌లో పొడుగు టైటిల్ చివర తెగిపోతుంది కాబట్టి అదేం వస్తువో, ఎన్ని సీసాలో, ఒక్కోటి ఎంత బరువో ముందే వచ్చేయాలి, ఆ తర్వాత జనం పేరు పెట్టి వెతికే రెండు రకాలు చాలు. ఇలా:

పచ్చళ్ల గిఫ్ట్ బాక్స్: 5 సీసాలు, ఒక్కోటి 100 గ్రా – ఆవకాయ, గోంగూర, మరో 3 రకాలు

మొత్తం బరువు "500 గ్రా" అని మాత్రమే రాస్తే, సీసాకి అరకిలో అనుకుని కొన్నవాళ్లు తర్వాత రిటర్న్ పెడతారు. మిగతా మూడు పేర్లు, చెక్క స్పూను, గ్రీటింగ్ కార్డు వివరణలో మొదటి లైన్‌లోకి వెళ్లాలి. "స్పెషల్", "బెస్ట్" తీసేయండి, పచ్చడి కొనేవాళ్లు ఆ మాటలతో పెద్దగా వెతకరు.