స్కూలు మార్చే ముందు అలారం మార్చండి

ప్రశ్న: మా బాబు సీబీఎస్‌ఈ పదో తరగతి. బ్యాడ్మింటన్‌లో రాష్ట్ర స్థాయికి ఆడుతున్నాడు. నాలుగున్నరకు లేచి అకాడమీకి వెళ్తాడు. సాయంత్రం మళ్లీ ప్రాక్టీస్, రాత్రి పదకొండున్నర దాకా చదువు. క్లాసులో తూగుతున్నాడని టీచర్ల కంప్లయింట్. ఓపెన్ స్కూల్‌కు మారిస్తే మంచిదా, రెగ్యులర్‌లోనే ఉంచాలా?
– ఒక తల్లి, హైదరాబాద్

జవాబు: అమ్మా, మీరు రాసిన టైములు కూడితే ఐదు గంటల నిద్ర. ఆ వయసుకు 8 నుంచి 10 గంటలు కావాలి. రాత్రి ఎగ్గొట్టిన నిద్రను ఒళ్లు క్లాసులో వసూలు చేసుకుంటోంది. దానికి బాబును తిట్టి లాభం లేదు.

తొమ్మిదికే పడుకోబెడతానంటారేమో. ఈ వయసులో ఒంట్లోని గడియారం ఆలస్యంగా నడుస్తుంది, అంత త్వరగా నిద్ర పట్టదు. ఎక్కువగా జరపగలిగింది పొద్దున లేచే టైమే.

పోయినేడు ఇలాంటి షట్లర్ ఒకడు మోకాలి నొప్పితో నా దగ్గరికి వచ్చాడు. వాడి లెక్కల నోట్‌బుక్ తిరగేశాను. పదకొండు దాటాక రాసిన పేజీల్లో అక్షరాలు గీత దిగి జారిపోయాయి, ఒకే ఫార్ములా రెండుసార్లు రాసి ఉంది. అదే లెక్క మళ్లీ ఇస్తే రాలేదు. చదివింది బుర్రలో కుదురుకోవాలన్నా, కండరాలు కోలుకోవాలన్నా నిద్ర కావాలి కదా! నొప్పికి ఫిజియో దగ్గరికి పంపి, కోచ్‌తో మాట్లాడి పొద్దుటి ప్రాక్టీస్‌ను శని, ఆదివారాలకే, అదీ ఏడు గంటలకు మార్పించాం. సాయంత్రం ప్రాక్టీస్ కదల్చలేదు. రాత్రి పదికి పుస్తకం మూత, ఫోన్ హాల్లో, లేచేది ఆరున్నరకు. స్కూల్ నుంచి రాగానే ఇరవై నిమిషాల కునుకు. "గంటన్నర చదువు పోయింది" అని వాళ్లమ్మ నాతో వారం రోజులు పోట్లాడింది. మూడో వారానికి క్లాసులో తూగడం ఆగింది.

లేవగానే మంచం మీదే నిమిషం పాటు నాడి లెక్కపెట్టించండి. మామూలుకన్నా ఏడెనిమిది ఎక్కువగా రెండు మూడు రోజులు వరసగా ఉంటే ఆ రోజు గట్టి ప్రాక్టీస్ వద్దు. జ్వరమున్నా అలా పెరుగుతుంది, అదీ చూసుకోండి.

ఓపెన్ స్కూల్ సంగతి. ఎన్‌ఐఓఎస్ మంచి బోర్డే. ఏడాదికి రెండుసార్లు పరీక్షలు, పూర్తి చేయడానికి ఐదేళ్ల గడువు. నా అనుమానం బోర్డు మీద కాదు, మన మీదే. స్కూలు మానగానే మిగిలిన టైములోకి మూడో ప్రాక్టీస్ వచ్చి కూర్చుంటుంది, నిద్ర మాత్రం పెరగదు. ఐదేళ్లున్నాయిగా అని సైన్స్ వచ్చే సీజన్‌కు, సోషల్ ఆ పై సీజన్‌కు జారిపోతాయి. ఈ మధ్య ఇది ఫ్యాషనైంది. పక్కింటి పిల్లాడు మారాడని మీరూ మార్చేస్తారా? రాష్ట్ర స్థాయి ఆటకు అంత అవసరం కనిపించడం లేదు. జాతీయ పోటీ తేదీ బోర్డు పరీక్షతో తగిలితే ఏం వెసులుబాటు ఉందో స్కూల్ ద్వారా ముందే అడిగించండి.

అంత కంగారు పడకండి, పిల్లాడు చెడిపోలేదు. ఈ ఆదివారం ప్రాక్టీస్ మాన్పించి, అలారం పెట్టకుండా వదిలేయండి. తనంతట తాను ఎన్నింటికి లేచాడో నాకు రాయండి.