రికార్డులు తగలబెట్టిన చోటే క్రైస్తవ రాక్ ఎలా పుట్టింది?

రాక్‌ను సైతాను సంగీతమని తగలబెట్టిన అమెరికా క్రైస్తవులే తర్వాత రాక్ బృందాలు ఎలా పెట్టుకున్నారు?

బీటిల్స్ ఇప్పుడు యేసు కన్నా ఎక్కువ ప్రసిద్ధులని జాన్ లెనన్ అన్న మాట 1966లో అమెరికా పత్రికకెక్కాక, దక్షిణాది రేడియో కేంద్రాలు వాళ్ల పాటలను నిషేధించి, ఊరూరా రికార్డుల మంటలు వేయించాయి. టెక్సాస్‌లోని లాంగ్‌వ్యూలో అలా మంట వేయించిన కేంద్రం టవర్ మీద మర్నాడే పిడుగు పడటం ఆ కథలో కొసమెరుపు.

అయితే బోధకులు తప్పుపట్టింది సాహిత్యాన్ని మాత్రమే కాదు, ఆ దరువునీ, పొడుగు జుట్టునీ కూడా. అందుకే లారీ నార్మన్ 1969లో యేసు గురించే రాక్ ఆల్బమ్ చేసినా చాలా చర్చిలు ఆయనను దగ్గరకు రానీయలేదు. తలుపు తెరిచింది కాలిఫోర్నియాలోని కాల్వరీ చాపెల్: పాస్టర్ చక్ స్మిత్ హిప్పీ యువకులను గిటార్లతో సహా లోపలికి రానిచ్చి, 1971లో వాళ్ల పాటలతో మరనాత అనే సొంత రికార్డు సంస్థనే ప్రారంభించారు.

గొడవ అంతటితో ఆగలేదు. పసుపు, నలుపు చారల దుస్తులతో హెవీ మెటల్ వాయించిన స్ట్రైపర్ బృందం 'అతడు పొందిన దెబ్బలచేత మనకు స్వస్థత' అన్న యెషయా 53:5ను తన గుర్తుగా పెట్టుకుని, ప్రేక్షకుల మీదికి బైబిళ్లు విసిరేది. టీవీ బోధకుడు జిమ్మీ స్వగార్ట్‌కు ఆ భక్తి కూడా గొర్రెతోలు కప్పుకున్న తోడేలుగానే కనిపించింది.