ఫొటో చూసి ఇచ్చిన ఫిల్టర్ సరిపోకపోతే డబ్బు వెనక్కి అడగొచ్చా?

ప్రశ్న: లాయర్ గారూ, మాది గుంటూరు బ్రాడీపేట. మా వాటర్ ప్యూరిఫయర్ కొని ఐదేళ్లు దాటింది, మోడల్ పేరున్న స్టిక్కర్ చెరిగిపోయింది. కంపెనీ మనిషేమో ఆ మోడల్ ఆగిపోయింది కొత్తది తీసుకోండి అంటున్నాడు. మెషీన్ ఫొటో, పాత కార్ట్రిడ్జ్ ఫొటో ఒక షాపుకి వాట్సాప్‌లో పెడితే ఇదే సరిపోద్దని 1,450 రూపాయలకి ఒకటి పంపారు. బిగిస్తే పైన నీళ్లు కారుతున్నాయి. కవర్ చించాక వాపస్ లేదంటున్నారు. నాకు హక్కేమైనా ఉందా? అసలు సరైంది ఎలా కనుక్కోవాలి?

జవాబు: ఉందమ్మా, గట్టిగానే ఉంది. దానికి కారణం మీరు ఫొటోలు పెట్టి "దీనికి ఏది సరిపోద్ది" అని అడగడమే. 1930 నాటి సేల్ ఆఫ్ గూడ్స్ యాక్ట్‌లో 16వ సెక్షన్ ఉంది. సరుకు దేనికోసమో కొనేవాడు చెప్పి, అమ్మేవాడి అనుభవాన్ని నమ్మి కొంటే, ఆ సరుకు అమ్మడం వాళ్ల రోజువారీ వ్యాపారమే అయితే, అది ఆ పనికి పనికొచ్చి తీరాలి, రాకపోతే బాధ్యత అమ్మినవాడిది. కానీ అదే సెక్షన్లో ఒక మినహాయింపు కూడా ఉంది, చాలామంది అక్కడే నష్టపోతారు. "ఫలానా బ్రాండు, ఫలానా పేరు కార్ట్రిడ్జ్ ఒకటి ఇవ్వండి" అని పేరు చెప్పి కొన్నారనుకోండి, అప్పుడు సరిపోతుందా లేదా అన్న బాధ్యత షాపు మీద పడదు, మీరడిగిందే ఇచ్చామంటారు, అది నిలబడుతుంది కూడా. అందుకే మోడల్ తెలియనప్పుడు పేరు ఊహించి అడక్కూడదు, ఫొటో పెట్టి అడగాలి, డబ్బు కట్టకముందే "సరిపోద్ది" అన్న మాట రాతలో తీసుకోవాలి. మీ దగ్గర ఆ చాట్ ఉంది కాబట్టి దాన్ని డిలీట్ చెయ్యకండి, ఫోన్ మార్చినా పాత ఫోన్ ఇచ్చెయ్యకండి, కేసు దాకా వెళ్తే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్‌తో దాన్ని దాఖలు చెయ్యొచ్చు.

అయితే షాపువాళ్లు ముందుగా అనే మాట "మీరు సరిగ్గా బిగించలేదు" అని. అందులో ఒక్కోసారి నిజం ఉంటుంది కాబట్టి అది ముందు తేల్చుకోండి. పాత కార్ట్రిడ్జ్ తీసినప్పుడు దాని ఓ రింగ్, అంటే ఆ రబ్బరు వాషర్, ఒక్కోసారి పైన కార్ట్రిడ్జ్ బిగించే మెషీన్ తలలోనే అంటుకుని ఉండిపోతుంది, కొత్త దాని రింగ్ దానిమీద కూర్చుంటే ఎంత సరైన కార్ట్రిడ్జ్ అయినా కారుతుంది. నీళ్ల లైను కట్టేసి, ప్లగ్ తీసి, తల లోపల వేలుపెట్టి చూడండి. రింగ్ ఏమీ లేకపోతే పాత కార్ట్రిడ్జ్ మళ్లీ అదే తలకి బిగించి నీళ్లు వదలండి. పాతది కారకుండా కొత్తది కారితే మెషీన్ తల బాగానే ఉందని, వచ్చిన కార్ట్రిడ్జే దానికి సరిపోలేదని దాదాపు తేలినట్టే. ఈ రెండూ ఒకే వీడియోలో ఆపకుండా తీయండి, మీ కేసులో ఇంతకంటే మంచి సాక్ష్యం ఉండదు. కారుతోంది కదా అని టెఫ్లాన్ టేపు చుట్టడం, అరగదీయడం మాత్రం చెయ్యొద్దు, మీరు మార్చారు అన్న వాదనకి మీరే దారి ఇచ్చినట్టవుతుంది.

తర్వాత ఆలస్యం లేకుండా ఇవాళే షాపుకి మెసేజ్ పెట్టండి. "ఫలానా తేదీన ఫొటోలు పంపి అడిగితే సరిపోతుందన్నారు, సరిపోలేదు, వీడియో పంపుతున్నాను, సరుకు వెనక్కి తీసుకుని 1,450 రూపాయలు ఇవ్వండి" అని సూటిగా. ఎందుకింత తొందరంటే, ఏమీ చెప్పకుండా చాలారోజులు మన దగ్గరే ఉంచుకుంటే సరుకు ఒప్పుకున్నట్టే అని అదే చట్టం 42వ సెక్షన్ అంటుంది. ఇక కవర్ చించాక వాపస్ లేదన్న మాట మీ విషయంలో చెల్లదనే నా అభిప్రాయం, కవర్ చించి బిగిస్తేగాని సరిపోతుందో లేదో తెలిసే వస్తువు కాదది. లోపమున్న సరుకుని బిల్లులో రాసిన గడువులో, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లో, వెనక్కి తీసుకుని డబ్బివ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో అనుచిత వ్యాపార పద్ధతి కిందకొస్తుంది. అడిగినా బిల్లు ఇవ్వకపోవడం కూడా అంతే.

ఇక సరైంది కనుక్కోవడం. మెషీన్ ముందువైపు ఫొటో ఒక్కటే పెట్టి అడిగితే ఎవరైనా పొరపాటు పడతారు, ఎందుకంటే బయటి డబ్బా ఒకటే ఉండి లోపల ఒకదాంట్లో ఆర్‌ఓ మాత్రమే, ఇంకోదాంట్లో ఆర్‌ఓతో పాటు యూవీ కూడా ఉంటుంది. ముందు సీరియల్ నంబరు కోసం వెతకండి, స్టిక్కర్ వెనకవైపే కాదు, అడుగున, ముందు మూత తీస్తే లోపలా ఉండొచ్చు. అడాప్టర్ మీద ఉన్నది మోడల్ నంబరు అనుకోకండి, అది అడాప్టర్ దే. ఎక్కడా లేకపోతే కొన్నప్పుడు ఇచ్చిన మొబైల్ నంబరు కస్టమర్ కేర్‌కి చెప్పి మోడల్ పేరు, కార్ట్రిడ్జ్ పార్ట్ నంబరు మెసేజ్‌లో పంపమనండి, పాత సర్వీసు స్లిప్పుల్లోనూ అది రాసి ఉండొచ్చు.

కార్ట్రిడ్జ్‌కి మూడు ఫొటోలు తీయండి: లేబుల్ మొత్తం చదవగలిగేలా, పైకొన నేరుగా పైనుంచి, పక్కన కొలత టేపు పెట్టి పొడవూ లావూ తెలిసేలా. అసలు తేడా పైకొనలోనే ఉంటుంది. రెండు చివర్లా పావు అంగుళం పైపు తగిలే కార్ట్రిడ్జ్ అయితే, చాలావరకు సైజూ, లోపలి రకం, అంటే సెడిమెంటా కార్బనా అన్నదీ, నీళ్లు వెళ్లే బాణం గుర్తూ చూసుకుంటే ఏ కంపెనీదైనా సరిపోతుంది. మీదిలా తలలో పెట్టి తిప్పి బిగించే రకం మాత్రం ఆ కంపెనీ కొలతలకి చేసింది, చూడ్డానికి ఒకేలా ఉన్నా చెవులు, రింగుల చోటు కొద్దిగా తేడా ఉంటే చాలు మీకు జరిగినట్టే జరుగుతుంది. మీరు ముందువైపు ఫొటో పంపి ఉంటారు, పైకొన ఫొటో అడక్కుండానే సరిపోద్దన్నది షాపు తొందరపాటు, అది కూడా మీకు అనుకూలమే.

వేరే కంపెనీ చేసింది కొనడం తప్పేమీ కాదమ్మా. "ఫలానా మెషీన్‌కి సరిపోతుంది" అని నిజాయితీగా రాసి అమ్ముకోవడం ట్రేడ్ మార్క్స్ చట్టం 30వ సెక్షన్ ఒప్పుకుంటుంది, చేసింది ఎవరో స్పష్టంగా తెలియాలి అంతే. అసలు కంపెనీ పేరే వేసి తనదన్నట్టు అమ్మితే అది నకిలీ, శిక్ష పడే నేరం. కవర్ మీద తయారుచేసినవాళ్ల పేరు, చిరునామా, నెలా సంవత్సరం, ఎమ్మార్పీ, ఫిర్యాదుకి ఫోన్ నంబరు ఉండాలి. ఇవేవీ లేని ప్యాకెట్టు ఎంత చౌకైనా తాగే నీళ్లకి వద్దు. మీకొచ్చిన ప్యాకెట్టు మీద ఇవి లేకపోతే ఆ కవర్ పారేయకండి, అది మరో ఆధారం.

కంపెనీ మనిషి నోటిమాట నమ్మి కొత్తది కొనెయ్యొద్దు. మోడల్ ఆగిపోయినంత మాత్రాన కార్ట్రిడ్జ్‌లు ఆగిపోయినట్టు కాదు, ఒకే కార్ట్రిడ్జ్ తర్వాతి మోడళ్లలోనూ వాడుతుండొచ్చు, అందుకే "ఈ పార్ట్ దొరుకుతుందా లేదా" అని కంపెనీని ఈమెయిల్లో అడగండి. మీకు వారంటీ ఐదేళ్లకి ఎలాగూ మిగిలి ఉండదు, వార్షిక సర్వీసు ఒప్పందం కట్టుంటే మాత్రం బయటి కార్ట్రిడ్జ్ గురించి అందులో ఏముందో ముందు చదవండి.

షాపు స్పందించకపోతే మొదట జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యండి, అక్కడ చాలా చిన్న తగాదాలు తేలిపోతాయి. తేలకపోతే గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చెయ్యండి, షాపు విజయవాడలో ఉన్నా సరే, మీరుండే చోటే వెయ్యొచ్చు. 5 లక్షల లోపు సరుకుకి ఫీజు లేదు, లాయర్ని పెట్టుకోవాల్సిన పనీ లేదు, గడువు రెండేళ్లు. 1,450తో పాటు తిరిగిన ఖర్చు కూడా అడగండి, తడిసి పాడైన కప్‌బోర్డు లాంటిది ఉంటే ఫొటో, రిపేరు బిల్లు జతచెయ్యండి.